మీ సొంతూరేది?

పోయిన ఏడాది కొండాపూర్‌లో కిరాయి ఇల్లు చూడబోయినప్పుడు ఇంటాయన అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఇరవై అయిదేండ్లు అమెరికాలో ఉండి వచ్చినవాడినని బ్రోకరు ముందే చెప్పిండు గనుక మర్యాదగానే అడిగిండు. కుర్చీ వేసిండు. మంచినీళ్లు తెప్పించిండు.

"ఇదేనండీ, ఇక్కడే. ఆ ఎదురుగా అద్దాల బిల్డింగులు కనబడుతున్నయి చూడండి, వాటి వెనకాల" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "లోకలా! అయితే మీకు కిరాయి ఇల్లెందుకండీ? ఇక్కడి వాళ్లంతా కోటీశ్వరులు గదా, భూములున్నోళ్లు" అన్నడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన ఊరుకోలేదు. "ఇంటిపేరేందన్నరు?" అన్నడు. చెప్పాను. ఆ పేరును ఆయన మనసులోనే ఒకసారి నెమరేసుకున్నడు. ఆ తర్వాత మాంసం వండుతారా, ఎంతమంది వస్తరు పోతరు, ముందే చెప్పాలె గదా అన్న మాటలు మొదలైనయి. ఆ ఇల్లు నాకు రాలేదు. ఇంకో ఇల్లు దొరికింది. దాని గురించి నాకు బాధ లేదు. బాధంతా ఆ మొదటి ప్రశ్నతోనే. ఈ నేల మీద పుట్టినవాడంటే భూమి ఉన్నవాడే అయి ఉండాలని ఆయన ఎట్లా అనుకున్నడు? భూమి లేని మేము ఈ ఊరివాళ్లం కాదా?

నిజానికి మేము ఆ 'ఊరి'వాళ్లం ఎన్నడూ కాదు. ఊరు వేరు, వాడ వేరు. మాదాపూర్, కొండాపూర్ చుట్టుపక్కల పల్లెల్లో ఒకటి మాది. పేరు రాయను, ఎందుకో చివర్లో తెలుస్తుంది. ఊరికి పడమర దిక్కున, కుంట కట్ట కింద మా వాడ. నలభై గడపలు. తాత బేగారి పని చేసిండు. ఊళ్లో ఎవరు చచ్చినా బొంద తవ్వేది ఆయనే, చావు కబురు మోసుకొని పది ఊర్లు తిరిగేది ఆయనే. ఊరి చావులన్నీ మావి, ఊరి పండుగలు మాత్రం మావి కావు.

దూరదేశం పోయినవాళ్లు సొంతూరి మీద రాసేవి చాలా చదివాను. రావిచెట్టు, రచ్చబండ, గుడి గంటలు, చెరువులో ఈతలు. చదివినప్పుడల్లా నాకు ఒకటే తోచేది. ఆ రచ్చబండ మీద మా నాయిన కూర్చోలేదు. ఆ గుడి గంట మేము దూరం నుంచే విన్నం. నన్ను కూర్చోనియ్యని చోటుని తలుచుకొని నేనెట్లా ఏడ్వాలె? ఊరి మీది బెంగ కూడా ఒక ఆస్తే. అది కూడా అందరికీ సమానంగా పంచలేదు.

అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ పల్లెటూరిని మెచ్చుకునేవాళ్లను నిలదీసిండు. పల్లె అంటే సంకుచితత్వానికీ అజ్ఞానానికీ మతోన్మాదానికీ నిలయమన్న అర్థం వచ్చేటట్టు చెప్పిండు. అట్లా చూస్తే మా ఊరు పోయినందుకు నేను సంతోషపడాలె. కొంత సంతోషపడుతున్న మాట అబద్ధం కాదు. నాయినను పేరు పెట్టి "ఏరా" అని పిలిచిన దర్వాజ ఇప్పుడు లేదు. దాని మీద ఆరు లైన్ల రోడ్డు పోయింది. మొదటిసారి ఆ రోడ్డు మీద కారు నడిపినప్పుడు నాకు చల్లగా అనిపించింది. దాచిపెట్టను. కానీ ఆ రోడ్డు ఊరి దర్వాజతో ఆగలేదు. మా వాడలో సగాన్నీ, మా చేన్నీ మింగింది. ఊరు పోయినందుకు నవ్వుతూ వాడ పోయినందుకు ఏడ్చే మనిషి ఎట్లా ఉంటడు? నేను అట్లున్న.

ఇప్పుడు ఆ చేను కథ చెప్పాలె.

1976లో మా నాయిన పేర ఎకరం ముప్పై గుంటల ఖుష్కీ భూమి పట్టా ఇచ్చిండ్రు. మా దిక్కు దాన్ని లావుణి పట్టా అంటరు, కోస్తాలో డీకేటీ పట్టా అంటరు. రాళ్ల భూమి. సీతాఫలం చెట్లు, బోడగుట్ట. అవ్వా నాయినా మూడేండ్లు రాళ్లేరిండ్రు. ఏరిన రాళ్లతోనే గట్టు పెట్టిండ్రు. జొన్న, కంది, ఆముదం పండింది. గట్టుకు అవతల ఒక పెద్ద ఆసామి పట్టా భూమి. అదే మన్ను, అదే వాన. తేడా అంతా కాగితంలోనే.

ఆ తేడా ఏందో చదువుకున్న పిల్లలకు కూడా చాలామందికి తెలియదు గనుక చెప్తున్న. తెలంగాణలో 1958 జూలై 25 నాటి జీవో 1406 తర్వాత పేదలకు ఇచ్చిన భూమిని దున్నుకోవచ్చు, పిల్లలకు వారసత్వంగా ఇయ్యవచ్చు, అమ్మరాదు. అంతకుముందు 1950 లావుణి నిబంధనల కింద ధర కట్టి తీసుకున్న భూములకు ఆ కట్టుబాటు లేదు. అందుకే ఎవరైనా పట్టా పట్టుకొని వస్తే మొదట చూడవలసింది తేదీ, తర్వాత ధర కట్టిండ్రా లేదా అన్నది. 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. దాని మూడో సెక్షన్ ప్రకారం అసైన్డ్ భూమిని అమ్మినా, తాకట్టు పెట్టినా, కౌలుకిచ్చినా చెల్లదు. నాలుగో సెక్షన్ అట్లా చేతులు మారిన భూమిని కొన్నవాడి దగ్గర నుంచి ప్రభుత్వం లాక్కోవచ్చునంటది. లాక్కున్నాక ఏం చెయ్యాలె? ఇదీ ముఖ్యం. మొదట దాన్ని అసలు పట్టాదారుకో వాని వారసులకో తిరిగి ఇయ్యాలె. ఒక్కసారికి ఆ తప్పు కాయాలె. అది ఆచరణలో సాధ్యం కానప్పుడే ప్రభుత్వం తీసుకొని వేరే భూమిలేని పేదలకు పంచాలె. 2007లో చేసిన సవరణతో ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో అట్లా తీసుకున్న భూమిని ప్రజావసరాలకు వాడుకునే వీలు పెట్టుకున్నరు.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి వచ్చి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించిండు. మా వాడోళ్లు గుట్టెక్కి హెలికాప్టర్లు చూసిండ్రు. ఆ టవర్లకు రాళ్లు మోసింది పాలమూరు కూలీలు, వాళ్ల గుడిసెలు మా కుంట పక్కనే ఉండేవి. నేను అప్పటికి ఉస్మానియాలో ఎంసీయే పూర్తి చేసి ఉన్న. కంప్యూటర్లకు 2000 సంవత్సరం గండం ఉందని అమెరికా పిలుస్తున్న రోజులు. వీసాకు, టికెట్టుకు, మధ్యవర్తికి లక్ష దాకా కావాలె. గట్టుకు అవతలి ఆసామి అప్పుడే ఎకరం ఎన్ని లక్షలో లెక్కపెట్టుకుంటున్నడు. మాకు అమ్మే హక్కు లేదు గనుక మా ఎకరానికి ధర లేదు. ధర లేనిది కొనడానికి ఆయనే వచ్చిండు. 1999 వేసవిలో ఎకరం ఎనబై వేలకు, నోటరీ స్టాంపు కాగితం మీద. రిజిస్ట్రేషన్ లేదు, పాసుబుక్కు నాయిన దగ్గరే. ఆగస్టులో నేను విమానమెక్కిన.

మిగిలిన ముప్పై గుంటలు అమ్మలేదు. అవ్వ ఒప్పుకోలేదు. "కంది గింజలకన్న ఉండాలె" అన్నది.

2005లో మండలాఫీసు నుంచి నాయినకు నోటీసు వచ్చింది. అసైన్డ్ భూమి ఎందుకు అమ్మినవో చెప్పుకొమ్మని. అప్పటికి ఆ ఎకరం మూడు చేతులు మారింది. తమ్ముడు, అంటే మా సిన్నాయిన కొడుకు, ఫోన్ చేసిండు. నేను న్యూజెర్సీలో ఉన్న. నాయిన ఫోన్ తీసుకొని "నన్ను దొంగను జేసిండ్రు బిడ్డా" అన్నడు. నేనేమన్ననో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "ఆ రాళ్లెవరికి గావాలె నాయినా, నేను సంపాదిస్తున్న గదా" అన్న. ఆయన మళ్లీ ఆ ముచ్చట నాతోని ఎత్తలేదు. 2009లో చనిపోయిండు.

ఇప్పుడు తిరిగొచ్చినంక ఆ ఫైలు నకలు తీసిన. అందులో నాయిన వాంగ్మూలం ఉంది. వయసు మళ్లింది, ఆ భూమిని మళ్లా సాగు చేసుకునే స్థితిలో లేను అని. కింద వేలిముద్ర. నా గుండె ఆగినట్టయింది. మా నాయిన సంతకం చేస్తడు. రాత్రిబడిలో నేర్చుకున్నడు, నా హాస్టల్ కాగితాలన్నిటి మీదా ఆయన సంతకమే. తమ్మున్ని అడిగితే చెప్పిండు: "పెద్దనాయిన పెన్ను తీసిండన్నా. ఆడ రాసేటోడు నవ్విండు. మీకు సంతకాలెందుకే, ఏలు బెట్టు అన్నడు. పెట్టిండు."

ఆ ఒక్క వాక్యం, ఆ ఒక్క వేలిముద్ర. చట్టంలో మొదటి దారి భూమిని నాయినకే తిరిగి ఇయ్యడం. "సాగు చేసుకునే స్థితిలో లేను" అన్న వాక్యంతో ఆ దారి మూసేసి రెండో దారి తెరిచిండ్రు. మొదటి దారి ఒకటి ఉన్నదని ఆ గదిలో ఉన్నోళ్లలో నాయినకు తప్ప అందరికీ తెలుసు. ఎకరం సర్కారుకు పోయింది. భూమిలేని పేదలకు మాత్రం అది చేరలేదు. ఇప్పుడు దాని మీద అద్దాల మేడ ఉంది.

ఆ ముప్పై గుంటలు 2006లో రోడ్డు కింద పోయినయి. మొదట ఏదో ఎక్స్‌గ్రేషియా అని కొంచెం డబ్బు చూపించిండ్రు. తమ్ముడు మన కులపు వకీలు దగ్గరికి పోయిండు. ఆయన రెండు కాగితాలు తీసిండు. ఒకటి 1993 నాటి జీవో 1307, రెండోది 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఇచ్చిన తీర్పు. ప్రజావసరం కోసం అసైన్డ్ భూమి తీసుకుంటే, పట్టా భూమి ఉన్నవానికి ఇచ్చినంత పరిహారమే అసైన్డ్ రైతుకూ ఇయ్యాలని దాని సారం. అయిదేండ్లు తిరిగితే 2011లో డబ్బు వచ్చింది. ఆ డబ్బుతోనే అవ్వకు రెండు గదుల ఇల్లు అయింది. కానీ ఆ తీర్పు పట్టా షరతు తప్పనివాళ్లకే. అమ్ముకున్న ఎకరానికి అది వర్తించదు. అవ్వ అమ్మనివ్వని ముప్పై గుంటలకు న్యాయం దొరికింది. నా కోసం అమ్మిన ఎకరానికి దొరకలేదు.

ఇక్కడ నేను చాలా రోజులు కొట్టుకులాడిన. అసలు ఆ నిషేధమే తప్పా? గట్టుకు అవతలివాడు అమ్ముకుంటే వ్యాపారం, ఇవతలివాడు అమ్ముకుంటే నేరం. మమ్మల్ని ఎన్నటికీ పిల్లల్లెక్క చూసే చట్టమిది, ఆస్తి ఇచ్చి తాళం తమ దగ్గర పెట్టుకున్నరు అని కోపమొచ్చేది. కానీ మా వాడలో నలభై గడపల లెక్క రాసి చూసిన. అమ్మరాదన్న భయం లేకపోతే 1980లలోనే, పెండ్లిండ్లకూ రోగాలకూ అంతా పోయేది. 1999 దాకా ఆ భూములు నిలిచింది ఆ తాళం వల్లనే. కాబట్టి తాళం తప్పు కాదు. తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదే తప్పు. మా అవసరానికి అది తెరుచుకోదు, కంపెనీ అవసరానికి ఒక్క సంతకంతో తెరుచుకుంటది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ వార్త చదివిన రోజు నేను అమెరికాలోనే ఉన్న. ఎనబై వేలు గుర్తొచ్చి అన్నం తినలేదు.

అమెరికా గురించి ఎక్కువ చెప్పను. అక్కడ మొదటి పదేండ్లు కులం లేనట్టే బతికిన. అంటే, దాచుకొని బతికిన. తెలుగోళ్ల విందుల్లో "మీరేమిట్లు?" అని సుతారంగా అడిగినప్పుడు "హైదరాబాద్ వాళ్లం" అనేవాన్ని. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెళ్లగొట్టిన అయిదుగురు దళిత విద్యార్థులు ఆరుబయట వేసుకున్న శిబిరానికి 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నరు. జనవరి 17న వాళ్లలో రోహిత్ వేముల చనిపోయిండు. ఆ క్యాంపస్ మా వాడ నుంచి నడిచిపోయేంత దూరం. రోడ్డు కింద పోయిందనుకున్న మా వాడ, యూనివర్సిటీ నడిమధ్యల మళ్లా లేచి నిలబడ్డట్టు అనిపించింది. ఆ తర్వాత నేను ఎవరడిగినా కులం చెప్పిన. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించినప్పుడు, ఇక్కడి నుంచి మోసుకుపోయిన రోగానికి అక్కడ మందు రాసిండ్రు గదా అనుకున్న.

అంబేద్కర్ కూడా ఇట్లనే తిరిగొచ్చినవాడే. 1913లో న్యూయార్క్ పోయి, లండన్ మీదుగా 1917లో తిరిగొచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరిండు. అయిదేండ్ల విదేశీ బతుకులో తాను అంటరానివాన్నన్న సంగతే మనసులో నుంచి తుడిచిపెట్టుకపోయిందని స్వయంగా రాసుకున్నడు. బరోడా స్టేషన్లో దిగంగనే ఎక్కడ ఉండాలన్న ప్రశ్న అది గుర్తు చేసింది. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో ఉంటే, కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిండ్రు. నన్ను ఎవరూ కర్రలతో కొట్టలేదు, మంచినీళ్లిచ్చి ఇంటిపేరు అడిగిండ్రు. వందేండ్లలో వచ్చిన మార్పు ఇది. అది చిన్నది కాదు, కానీ చాలదు.

అయినా వచ్చినందుకు సంతోషంగానే ఉంది. ఇది కూడా రాయాలె, లేకపోతే అబద్ధమైతది. మిగిలిన ఇరవై గడపలు మేడల వెనక సన్నటి గల్లీలో ఉన్నయి. ఆదివారం పోతే అవ్వ జొన్నరొట్టె, బోటి కూర చేస్తది. నా బిడ్డ తెలుగు సగం సగం మాట్లాడుతుంటే వాడ ఆడోళ్లంతా చుట్టూ కూర్చొని నవ్వుతరు. ఆషాఢంలో మా మైసమ్మకు బోనం ఎత్తితే ఐడీ కార్డులు మెడలో వేసుకున్న పిల్లలు పక్క నుంచి చూసుకుంట పోయిండ్రు. వాళ్లలో మా వాడ పిల్ల ఒకతి ఉంది, కంపెనీలో టెస్టింగ్ ఇంజనీరు. కార్డు జేబులో పెట్టి బోనం అందుకుంది. తాత బొంద తవ్విన ఊళ్లో మనుమరాలికి ఇప్పుడు ఏసీ బస్సు వస్తది. ఈ మేడలు మాకేం ఇయ్యలేదని నేను అనలేను. నాకు ఇచ్చింది కూడా అదే చదువు, అదే పని.

మా తమ్ముడు ఆ అద్దాల మేడకే సెక్యూరిటీ. పన్నెండు గంటల డ్యూటీ. ఒకనాడు నన్ను గేటు దాకా తీసుకపోయిండు. "ఇగో అన్నా, పెద్దనాయిన గట్టు ఈడికెల్లి ఆడిదాక" అని చేత్తోని చూపించిండు. చూపిస్తుంటే ఆయన గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. కొలత ఉంది. "నీకు కోపం రాదారా నా మీద?" అని అడిగిన. "నువ్వు పోకపోతే నువ్వు గూడ నా పక్కకే నిలబడుదువు గదన్నా. గేటు గాసెటోళ్లు ఇద్దరయితుండె" అన్నడు. కాసేపటికి, "కోపమైతే ఒక్కదానికే. రాళ్లెవరికి గావాలె అన్నవు సూడు, అది పెద్దనాయినకు తాకింది" అన్నడు.

అదే నాకు దొరికిన జవాబు. నేను పోవడం తప్పు కాదు. నాయిన అమ్మడం కూడా తప్పు కాదు, బిడ్డ చదువుకు తాళం పగలగొట్టిండు, అంతే. తప్పు ఎక్కడుందంటే, బయటపడ్డ నేను వెనక ఉన్నవాళ్ల భూమిని నా జీతంతో తూచడంలో ఉంది. ఎనబై వేల కంటె ఎక్కువ ధర నాకు దొరికింది గనుక ఆ ఎకరం విలువ తీరిపోయిందనుకున్న. నాకు దొరికింది నా ఒక్కనికి. ఆ ఎకరం నలుగురిది. తమ్మునికి అందులో పాలు ఉండేది, చెల్లెకు ఉండేది. ఒకరు పైకి పోవడమే వాడంతా పైకి పోవడమని అనుకునే అలవాటు మనలో చదువుకున్నవాళ్లకు చాలామందికి ఉంది. ఆ అలవాటు మీదనే నా పంచాయతి.

దానం చేస్తే ఈ బాకీ తీరదు. కమ్యూనిటీ హాలు కట్టిస్తా అన్న. అవ్వ నవ్వింది. "హాలెందుకు, కాయిదాలు సూడు" అన్నది. అప్పటి నుంచి అదే పని. వారానికి ఒకరోజు సెలవు పెట్టి ఇంటింటి కాగితాలు పట్టుకొని పోతున్న. పట్టా తేదీ చూడాలె. పాత పహాణీల నకళ్లు తియ్యాలె, వాటిలో అనుభవదారు కాలమ్‌లో ఏ ఏడాది దాకా మనవాళ్ల పేరుందో చూడాలె. 2020లో వచ్చిన ధరణిలో ఆ కాలమే తీసేసిండ్రు గనుక పాత పహాణీలే దిక్కు. భూమి ప్రజావసరానికి పోయిందా, షరతు తప్పిందన్న పేరుతో పోయిందా అని ఫైలులో చూడాలె. రెండో పేరుతో పోతే వాంగ్మూలం అడగాలె. కింద సంతకముందా, వేలిముద్ర ఉందా చూడాలె. ఇప్పటికి పదకొండు ఇండ్లవి చూసిన. ఏడింటిలో అదే వాక్యం ఉంది, అక్షరం మారకుండ: సాగు చేసుకునే స్థితిలో లేను. ఏడుగురు మనుషులు ఒకే మాట ఒకే తీరుగ మాట్లాడరు. ఆ ఏడు దరఖాస్తులు నడుస్తున్నయి గనుకనే మా ఊరి పేరు రాయలేదు.

గెలుస్తమన్న భరోసా లేదు. అద్దాల మేడను కూలగొట్టి ఎవరూ కంది చేను చెయ్యరు. పరిహారం వచ్చినా రాకున్నా, ఆ ఫైళ్లల్ల ఒక కాగితం చేరాలె, ఈ మనుషులు సాగు చేసుకునే స్థితిలోనే ఉండిరి అని. నా దరఖాస్తు కింద నాయిన పేరు రాసి, ఆయన సంతకమున్న నా పాత హాస్టల్ కాగితం నకలు జత చేసిన.

మీ సొంతూరేది అని మళ్లీ ఎవరైనా అడిగితే ఇప్పుడు ఊరి పేరు చెప్తలేను. వాడ పేరు చెప్తున్న, సర్వే నంబరుతో సహా.